చెవి కోసం కథ కట్టడం: ఒక పల్లవి, ఒక మలుపు, 7 నిమిషాలు

తిరుపతిలో ఒక మేడ మీద కథారాత్రి అనుకుందాం. యాభై అరవై మంది, కొందరు చాపల మీద, కొందరు ప్లాస్టిక్ కుర్చీల్లో. ఒక్కొక్కరికి 7 నిమిషాలు. కింద రోడ్డు మీద హారన్లు, పక్కింట్లో టీవీ, మధ్యలో చేతులు మారే టీ గ్లాసులు. ఆ 7 నిమిషాల్లో, మళ్ళీ మళ్ళీ వచ్చే ఒక మాటతో సాగి చివర్లో తిరగబడే కథ చెప్పాలి. చాలామంది దీన్ని పత్రిక్కి రాసినట్టు రాసి, బట్టీ పట్టి చెబుతారు. మూడో నిమిషానికి వినేవాళ్ళకు ఎవరు ఎవరో తెలియకుండా పోతుంది, మలుపు వచ్చేసరికి ఆ మలుపుకు ఆధారమైన మాట ఎవరికీ గుర్తుండదు. చదివేవాడికైతే వెనక్కి రెండు పేజీలు తిప్పే వీలుంది. వినేవాడికి అప్పుడే చెవిలో పడ్డ వాక్యం తప్ప ఏమీ లేదు.

ఇక్కడ ఒకే కథను మొదటి నుంచి కట్టి చూపిస్తాం. కథ సారాంశం ముందే చెప్పేస్తాం, ఎందుకంటే కట్టేవాళ్ళకు చివర తెలియకపోతే పని జరగదు.

తిరుపతి బస్టాండు నుంచి రాత్రి బయల్దేరే ఆఖరి పల్లెవెలుగు బస్సు. చంద్రగిరి దాటాక పల్లెదారి పడుతుంది. ఎండాకాలం. బావికాడ స్టాపులో పూలమ్మే అవ్వ ఖాళీ గంపతో దిగుతుంది. బస్సు ఊళ్ళోకి పోయి జనాన్ని దించి, ఎండిన చెరువును చుట్టుకుని వస్తుంది. అవతలి మలుపులో ఒక చింతచెట్టు. అక్కడ ఇల్లు లేదు, స్టాపు లేదు. అయినా ప్రతి రాత్రీ కండక్టరు అంటాడు: "ఆపన్నా, ఇంకొకరుండారు." బస్సు ఆగుతుంది. ఎవరూ ఎక్కరు. కాసేపటికి "రైట్". బస్సులో మల్లెపూల వాసన. చింతచెట్టు, అర్ధరాత్రి, మల్లెపూలు అనేసరికి జనం దెయ్యమని తేల్చేస్తారు. అసలు సంగతి వేరు. ఆ మలుపులో ఆగితే బస్సు లైట్లు నేరుగా చెరువులో పడతాయి. చెరువుకు అడ్డంగా నడిచి ఇంటికి పోయే అవ్వకు గుంతల మధ్య దారి కనిపిస్తుంది. "ఇంకొకరుండారు" అంటే ఎక్కాల్సినవాళ్ళు కాదు, ఇంకా ఇల్లు చేరనివాళ్ళు.

మొదటి మెట్టు: చివరి నిజాన్ని ఒక్క వాక్యంలో రాసుకోవడం

కాగితం తీసుకుని మొదట రాయాల్సింది కథ మొదలు కాదు. చివర్లో వినేవాళ్ళకు తెలిసే నిజాన్ని ఒక వాక్యంగా, దాని కిందే అప్పటిదాకా వాళ్ళు నమ్మినదాన్ని ఇంకో వాక్యంగా రాయాలి. మన కథలో మొదటిది "బస్సు దిగిపోయిన మనిషి కోసం ఆగుతోంది". రెండోది "బస్సు ఎక్కబోయే మనిషి కోసం ఆగుతోంది". ఈ రెండు వాక్యాలకూ ఒకే సాక్ష్యం సరిపోవాలి. బస్సు ఆగడం, ఎవరూ ఎక్కకపోవడం, పూల వాసన, "ఇంకొకరుండారు" అన్న మాట, అన్నీ రెండింటికీ అతుకుతున్నాయి కాబట్టి మలుపు నిలబడుతుంది. చివర్లో కొత్త మనిషినో కొత్త ఉత్తరాన్నో తెచ్చి "అసలు జరిగింది ఇదీ" అంటే అది మలుపు కాదు, అప్పటిదాకా వినేవాళ్ళ దగ్గర దాచిపెట్టిన లెక్క.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. తిరుపతి గంగమ్మ జాతర కథ అందరికీ తెలిసిందే. పాలెగాడు భయపడి దాక్కుంటాడు, గంగమ్మ రోజుకొక వేషంలో వెతుకుతుంది, చివరికి దొర వేషం చూసి నిజంగా దొరే వచ్చాడనుకుని వాడు బయటికి వస్తాడు. ఆ కథలో వినేవాళ్ళకు దొర ఎవరో ముందే తెలుసు, తెలియనిది పాలెగాడికి. అక్కడి ఆనందం వల బిగుసుకోవడాన్ని చూడటంలో ఉంది. మన కథలో కండక్టరుకు, డ్రైవరుకు తెలుసు, వినేవాళ్ళకు తెలియదు. రెండూ మంచి పద్ధతులే, కానీ ఒకే కథలో రెండూ కలిపితే ఏదీ పండదు. మీ కథ ఏ వైపో ఈ మెట్టులోనే తేల్చుకోవాలి.

తర్వాత చిల్లుల కోసం వెతకాలి. వినేవాళ్ళలో ఒక రైతు ఉంటాడు, ఒక బస్సు డ్రైవరు ఉంటాడు. "చెరువులో నీళ్ళుంటే అవ్వ ఎట్లా నడుస్తుంది?" కథను ఎండాకాలంలో పెట్టాం. "అవ్వ నడక కంటే బస్సు ముందే వచ్చేస్తుంది కదా?" బస్సు మధ్యలో ఊళ్ళోకి పోయి వస్తుంది, ఆలోగా అవ్వ చెరువు నడిమికి చేరుతుంది. "దారి పొడుగునా చీకటే కదా, అక్కడే ఎందుకు వెలుతురు?" మట్టి తోలుకుపోయిన గుంతలు చెరువు నడుమనే ఉన్నాయి. ఈ మూడు జవాబులూ కథలో ఒక్కో చిన్న వాక్యంగా ముందే వచ్చేయాలి. మలుపు తర్వాత చెబితే అది సంజాయిషీ అవుతుంది.

రెండో మెట్టు: పల్లవిని ఎంచుకోవడం

మనకు మళ్ళీ వచ్చే మాట కొత్తది కాదు. పాటకు పల్లవి, శతకానికి మకుటం, బుర్రకథకు వంత. ఈ మూడూ ఒకటి కాదు. పల్లవి మొదట వచ్చి ప్రతి చరణం తర్వాత తిరిగి వస్తుంది, మాటలు మారకపోయినా చరణం మారేకొద్దీ దాని బరువు మారుతుంది. మకుటం పద్యం చివర ముద్ర. వంత పక్కవాళ్ళ గొంతు, కథకుడు ఊపిరి తీసుకునే చోటు. కథారాత్రి కథకు కావలసిన మాట ఈ మూడింటి నుంచీ కొంచెం కొంచెం తీసుకుంటుంది. మకుటంలా ప్రతి ఘట్టం చివర రావాలి, పల్లవిలా ప్రతిసారీ కొత్త అర్థం తెచ్చుకోవాలి, వంతలా చివరికి జనం నోట పలకాలి.

"ఆపన్నా, ఇంకొకరుండారు." దీన్నే ఎందుకు ఎంచుకున్నామో చూద్దాం.

పొడవు మొదటిది. ఆ-ప-న్నా, ఇం-కొ-క-రుం-డా-రు. తొమ్మిది అక్షరాలు. ఒక్క ఊపిరిలో పలుకుతుంది, ఒక్కసారి వింటే గుర్తుంటుంది. పన్నెండు దాటితే జనం సగంలో తడబడతారు, ఆ తడబాటుతోనే వాళ్ళ ధైర్యం పోతుంది. పైగా ఇది రెండు ముక్కలుగా విరుగుతుంది. "ఆపన్నా" మీరు ఎత్తుకుంటే, "ఇంకొకరుండారు" జనం అందుకోవచ్చు. ముక్కలుగా విరగని పల్లవిని జనంతో పలికించడం చాలా కష్టం.

రెండోది వ్యాకరణం, దీని మీద కాస్త ఆగాలి. తెలుగు క్రియ చివర మనిషిని పట్టిచ్చేస్తుంది. "ఉన్నాడు" అంటే మగవాడని తేలిపోయింది. "ఉంది" అంటే ఆడమనిషో, జంతువో, వస్తువో. "-రు" ఒక్కటే ఏదీ చెప్పదు. ఒకరా, పదిమందా, ఆడా, మగా, గౌరవమా, బహువచనమా, అన్నీ దానిలో దాక్కుంటాయి. తెలుగులో మలుపు రాసేవాళ్ళకు ఇది పెద్ద ఆస్తి. ఇక క్రియ "ఉండారు" కాబట్టి ఎక్కడ ఉన్నారో, ఎందుకు ఉన్నారో చెప్పలేదు. అదే "ఇంకొకరు ఎక్కాల" అని రాసి ఉంటే కండక్టరు అబద్ధం చెప్పినట్టు అయ్యేది. పల్లవి నిజమై ఉండాలి. మొదటిసారి విన్నప్పుడు ఒక అర్థంలో, చివరిసారి ఇంకో అర్థంలో, ఒక్క అక్షరం కూడా మారకుండా.

మూడోది, బస్సులో మనిషి నిజంగా అనే మాట అయి ఉండాలి. "ఎవరి కోసమో ఈ ఎదురుచూపు" లాంటి పల్లవి కాగితం మీద అందంగా ఉంటుంది, కానీ చిత్తూరు బస్సులో ఏ కండక్టరూ అట్లా అనడు. వినేవాళ్ళు దాన్ని రచయిత మాటగా గుర్తుపడతారు, వెంటనే ఏదో దాగుందని అనుమానిస్తారు. మామూలు మాటనే ఎవరూ తవ్వి చూడరు.

"ఉండారు" అన్నది ఈ ప్రాంతపు పలుకు. ఒకసారి "ఉండారు", ఇంకోసారి "ఉన్నారు" అంటే చెవి దాన్ని రెండు మాటలుగా వింటుంది. అట్లాగే "ఇంకొకరు ఉండారు" అని విడదీయకండి. కలిపిందే పల్లవి, కడదాకా అదే.

మూడో మెట్టు: పల్లవి ఎన్నిసార్లు, ఎక్కడ

7 నిమిషాల కథకు ఐదుసార్లు చాలు. మూడుసార్లయితే జనానికి అలవాటు పడదు, ఎనిమిదిసార్లయితే విసుగు.

మొదటిసారి మామూలుగా, బస్సులో జరిగే వంద పనుల్లో ఒకటిగా వస్తుంది. గొంతు ఎత్తకూడదు. మిగతా స్టాపుల్లో కండక్టరు "హోల్డాన్" అంటాడు, ఇక్కడ మాత్రం "ఆపన్నా". ఈ చిన్న తేడా ఎవరూ గమనించకపోయినా ఫరవాలేదు, చివర్లో ఆ తేడా దానంతటదే అర్థమవుతుంది. రెండోసారి ఒక కుర్రవాడు బస్సులోకి వస్తాడు. కొత్తగా తిరుపతిలో పనికి కుదిరినవాడు, రోజూ ఇదే బస్సు. వాడి కళ్ళతో మనం చింతచెట్టును చూస్తాం. మూడోసారి దెయ్యం మాట పుడుతుంది. ఇక్కడ "ఆపన్నా" అని ఆగండి. మూడోసారికి ముందు వరసలో నలుగురైనా "ఇంకొకరుండారు" అంటారు. వాళ్ళను చూసి తల ఊపితే చాలు, "అందరూ అనండి" అని అడగొద్దు. అడిగి అనిపించిన మాటకు, దానంతటది వచ్చిన మాటకు తేడా గదంతా వినిపిస్తుంది. నాలుగోసారి కుర్రవాడు ముందుకు పోయి అద్దంలోంచి చూసిన రాత్రి. ఆ పల్లవిని దాదాపు గుసగుసగా చెప్పాలి, జనాన్ని కలవనివ్వకుండా గబుక్కున. ఐదోసారి సంగతి చివర చెబుతాం.

జనం అందుకోవాలంటే పల్లవి వస్తోందని ముందే తెలియాలి. దానికి ప్రతిసారీ ఒకే ఎత్తుగడ కావాలి: "మలుపు వచ్చింది. చింతచెట్టు వచ్చింది." ఈ రెండు వాక్యాలు మార్చకండి. అందం కోసం ఒకసారి "చింతచెట్టు నీడ కనబడింది" అని మారిస్తే జనం అందుకోలేరు, ఆ తప్పు వాళ్ళదనుకుని తర్వాత నోరు మూసుకుంటారు.

నాలుగో మెట్టు: ఆనవాలు దాచడం

అవ్వ బావికాడ దిగడం కథకు ప్రాణం. అది మొదటి నిమిషంలోనే రావాలి, అందరికీ వినపడాలి, అయినా ఎవరూ పట్టించుకోకూడదు. కాగితం మీదైతే ఒకసారి రాస్తే చాలు. చెవికి ఒకసారి చాలదు. ఆ క్షణంలో ఎవరో దగ్గి ఉంటారు, ఎవరి ఫోనో మోగి ఉంటుంది. కాబట్టి ప్రతి ఆనవాలూ కనీసం రెండుసార్లు, వేరువేరు పనుల్లో కనిపించాలి.

ఆనవాలును దాచే మంచి చోటు నవ్వుకు ముందు. నవ్విన జనం నవ్వుకు ముందు విన్న మాటను సగం వదిలేస్తారు. ఇట్లా:

"బావికాడ అవ్వ లేసింది. గంప నెత్తిన పెట్టుకునింది. ఖాళీ గంప. పూలు తిరుపతిలో అమ్ముడుపోయినాయి, వాసన బస్సులో మిగిలిపోయింది. 'పదిలం అవ్వా, గుంతలుండాయి' అన్నాడు కండక్టరు. అవ్వ దిగింది. రైట్. అప్పుడు లేసినాడు వెనక సీటాయన. 'నా రెండు రూపాయల చిల్లర ఏదీ?' 'దిగేటప్పుడిస్తా సామీ.' 'నేను దిగేది రేపు పొద్దన్నే కదా, నిద్రపోతా ఉండా!'"

నవ్వు వచ్చింది, అవ్వ మరుగున పడింది. కానీ గంప, వాసన, గుంతలు మూడూ చెవిలో పడ్డాయి. కుర్రవాడు వచ్చే రెండో రాత్రి అవ్వ మళ్ళీ దిగుతుంది, ఈసారి ఒక్క వాక్యంలో: "బావికాడ గంప దిగింది." ఇంత చాలు.

ఇక్కడ కథకు అసలు బలం మల్లెపూల వాసన. అదే దారి తప్పిస్తుంది, అదే దారి చూపిస్తుంది. చింతచెట్టు దగ్గర వాసన రాగానే వినేవాళ్ళు మోహినీ పిశాచం అనుకుంటారు. మలుపు తర్వాత అదే వాసన అవ్వ కూర్చున్న సీటు నుంచి వచ్చిందని వాళ్ళకే తడుతుంది. తప్పుదారికి ఒక వస్తువు, నిజానికి ఇంకో వస్తువు పెట్టే కథలు చాలా ఉన్నాయి. వాటిలో తప్పుదారి వస్తువు చివరికి అనాథగా మిగిలిపోతుంది, "మరి ఆ గజ్జెల చప్పుడు ఏంటి?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఒకే వస్తువుతో రెండు పనులూ చేయించడం కష్టం, కానీ దొరికేదాకా వెతకడం మంచిది.

ఒక కట్టుబాటు. పాత్రలు పొరపడవచ్చు, కథకుడు అబద్ధం చెప్పకూడదు. వెనక సీటాయన "దెయ్యమే" అనవచ్చు. కథకుడు మాత్రం "ఎవరూ ఎక్కలేదు, ఎవరూ దిగలేదు" అనాలి. అది నిజం. "దెయ్యం లాంటిదేదో గాలిలో కదిలింది" అని కథకుడు అంటే, మలుపు తర్వాత వినేవాళ్ళు మోసపోయినట్టు భావిస్తారు.

ఐదో మెట్టు: వాక్యాన్ని చెవికి సరిచేయడం

ఇదే ఎక్కువ సమయం పట్టే పని. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది, నామానికి ముందు ఎన్ని విశేషణాలైనా చేరతాయి. చదివేటప్పుడు ఇబ్బంది లేదు. వినేటప్పుడు ఆ బరువంతా నామం వచ్చేదాకా మోయాలి. ఈ వాక్యం చూడండి:

"పొద్దున్నుంచి తిరుపతి వీధుల్లో మూరల లెక్కన మల్లెపూలు అమ్మి అలసిపోయి ఆఖరి బస్సెక్కి కిటికీ పక్కన కునుకుతున్న ముసలామె బావికాడ లేచి గంప నెత్తిన పెట్టుకుని దిగింది."

వ్యాకరణం తప్పు లేదు, చెవికి మాత్రం మనిషి పదో మాట దాటాక గానీ కనబడదు. మనిషిని ముందు నిలబెట్టి, పనులు తర్వాత ఒక్కొక్కటిగా ఇవ్వాలి: "ఒక అవ్వ. పూలమ్ముకునే అవ్వ. పొద్దున్నుంచి తిరుపతి వీధుల్లో తిరిగింది. ఇప్పుడు కిటికీ పక్కన కునుకుతా ఉంది." "లేచి, కడిగి, కట్టి, మోసి" అంటూ క్రియలను గుచ్చితే రెండు దాటకూడదు. మూడోదానికి వాక్యం ముగించండి.

పేర్ల సంగతి కూడా ఇంతే. ఈ కథలో ఎవరికీ పేరు లేదు. కండక్టరు, డ్రైవరు, అవ్వ, పిల్లోడు, వెనక సీటాయన. రమణయ్య, రామయ్య, రంగయ్య అని పెడితే చెవికి ముగ్గురూ ఒకరే. పేర్లు తప్పనిసరైతే మొదటి అక్షరాలు వేరుగా ఉండాలి, ముగ్గురికి మించకూడదు.

కథనం ఏ తెలుగులో అనేది మరో నిర్ణయం. మాటలు పూర్తిగా ఈ ప్రాంతపు యాసలో, కథనం తేలికపాటి యాసలో ఉంటే బాగా నడుస్తుంది. తిరుపతిలో వినేవాళ్ళు నాలుగు జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు ఉంటారు, తమిళం ఇంటి భాషగా ఉన్నవాళ్ళూ ఉంటారు. యాస చిక్కగా ఉన్న చోట వేగం తగ్గించాలి. మీ నోటికి రాని యాసను మాత్రం తెచ్చిపెట్టుకోకండి, రెండో వాక్యానికే దొరికిపోతుంది.

ఆరో మెట్టు: మలుపు వాక్యం

మలుపును చెప్పే మాట వాక్యం చివర పడాలి. "అవ్వ గుంతల మధ్య నడుస్తుండగా లైట్ల వెలుతురులో కనబడింది" అంటే మొదటి మాటతోనే గుట్టు బయటపడింది, మిగతా వాక్యమంతా ఖాళీగా నడిచింది. క్రియలు తీసేసి, నామాలతో మెట్లు కట్టాలి. మన అలంకారాల్లో ముక్తపదగ్రస్తం అని ఒకటుంది. వదిలిన మాటనే మళ్ళీ పట్టుకుని ముందుకు పోవడం. చెవికి అంతకంటే మంచి దారి లేదు, ఎందుకంటే ప్రతి మెట్టు దగ్గరా పాత మాట చెయ్యి పట్టుకునే ఉంటుంది.

"కండక్టరు వాకిలి దిక్కు చూడటం లేదు. ముందు అద్దంలోంచి చూస్తా ఉండాడు. పిల్లోడూ చూసినాడు. లైట్ల వెలుతురు. వెలుతురులో చెరువు. చెరువులో గుంతలు. గుంతల నడుమ… ఒక గంప. గంప కింద… అవ్వ."

"గంప" తర్వాత ఒక పూర్తి ఊపిరి ఆగాలి. ఆ ఊపిరిలో సగం మందికి అర్థమవుతుంది, వాళ్ళే "ఆఁ" అంటారు. మిగతావాళ్ళకు "అవ్వ" అన్నాక అర్థమవుతుంది. తర్వాత రెండే వాక్యాలు: "చెరువు అవతల చిన్న దీపం వెలిగింది. కండక్టరు అన్నాడు: రైట్." ఇంకేమీ చెప్పొద్దు. అవ్వకు ఎవరూ లేరని, కండక్టరు తన తల్లిని తలచుకున్నాడని, మనుషుల్లో ఇంకా మంచితనం ఉందని కలపాలని చెయ్యి లాగుతుంది. ఒక్కొక్కటీ వినేవాళ్ళ చేతిలోంచి వాళ్ళకు దొరికినదాన్ని లాక్కుంటుంది. బస్సు పేరు పల్లెవెలుగు అన్న సంగతి కూడా అంతే. మొదట్లో మామూలుగా ఒకసారి అనండి, చివర్లో దాన్ని ఎత్తి చూపొద్దు. నలుగురికి ఇంటికి పోయే దారిలో తడుతుంది, ఆ నలుగురికీ అది వాళ్ళ సొత్తు.

ఏడో మెట్టు: చివరి పల్లవి జనానిది

మలుపు దగ్గరే కథ ఆపవచ్చు. కానీ పల్లవి ఉన్న కథకు ఇంకో అడుగు ఉంది. పాత కండక్టరుకు బదిలీ అయింది. కొత్తాయన వచ్చినాడు. బావికాడ గంప దిగింది. బస్సు ఊళ్ళోకి పోయి వచ్చింది. "మలుపు వచ్చింది. చింతచెట్టు వచ్చింది. కొత్త కండక్టరు టిక్కెట్లు లెక్కబెట్టుకుంటా ఉండాడు. బస్సు ఆగలేదు."

ఇక్కడ నోరు మూసుకుని జనాన్ని చూడండి. ఇప్పటిదాకా వాళ్ళు వినేవాళ్ళు, ఇప్పుడు ఆ బస్సులో కూర్చున్నవాళ్ళు. ఎవరో ఒకరు అంటారు, వెంటనే పదిమంది అంటారు: "ఆపన్నా, ఇంకొకరుండారు." దాని తర్వాత మీకు మిగిలేది రెండే మాటలు: "బస్సు ఆగింది."

మలుపు నుంచి ఈ రెండు మాటలదాకా ఒక నిమిషం దాటకూడదు.

ఎనిమిదో మెట్టు: కొలత, సాధన

తాపీగా కథ చెప్పే గొంతు నిమిషానికి సుమారు 80 నుంచి 90 తెలుగు మాటలు పలుకుతుంది. 7 నిమిషాలకు దాదాపు 600. పల్లవుల దగ్గర, మలుపు దగ్గర, నవ్వుల దగ్గర పోయే సమయం ముప్పావు నిమిషం పైనే. అంటే రాతలో 520 మాటలు దాటకూడదు. మీ వేగం మీరే కొలుచుకోండి: ఫోన్‌లో రికార్డు పెట్టి ఒక పేజీ చెప్పి, మాటల్ని నిమిషాలతో భాగించండి. ఎక్కువైతే వేగం పెంచొద్దు, కథ నడుమ ఒక రాత్రిని తీసేయండి. ఆనవాళ్ళున్న వాక్యాలను మాత్రం ముట్టుకోవద్దు.

రాత పూర్తయ్యాక కాగితం పక్కన పెట్టి, మూడు రోజులు నోటితోనే చెప్పండి. నోరు ప్రతిసారీ ఎక్కడ తడబడుతుందో అక్కడ వాక్యం తప్పు, నోరు కాదు. నోరు తనంతట తాను మార్చుకున్న మాటను కాగితంలో దిద్దుకోండి. బట్టీ పట్టాల్సినవి నాలుగే: మొదటి రెండు వాక్యాలు, ఎత్తుగడతో సహా పల్లవి, మలుపు మెట్లు, ముగింపు. మిగతాది ఘట్టాల వరసగా గుర్తుంటే చాలు.

తర్వాత కథ తెలియని ఒక్కరికి వినిపించండి. ఇంట్లో అమ్మకో, పక్కింటి అక్కకో, పని చేసుకుంటుండగా. మన ఇళ్ళల్లో కథ వినేవాళ్ళు ఊ కొడతారు కదా, ఆ "ఊ" ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకోండి. అక్కడ వాళ్ళ మనసు పక్కకు పోయింది. అయిపోయాక "బాగుందా?" అని అడగొద్దు. రెండే ప్రశ్నలు: "బస్సు ఎందుకు ఆగుతోందని అనుకున్నావు?", "ఎప్పుడు తెలిసింది?" దెయ్యం అనుకున్నారంటే తప్పుదారి పనిచేసింది. గంప దగ్గరో అవ్వ దగ్గరో తెలిసిందంటే మలుపు సరిగ్గా పడింది. రెండో రాత్రికే తెలిసిపోతే "గుంతలుండాయి" అన్న మాట మీద మీ గొంతు బరువు వేసింది, తేలిక చేయండి. చివర్లో కూడా "అవ్వ ఎవరు?" అని అడిగితే బావికాడ దిగడం సరిగా వినపడలేదు, ఆ ఘట్టానికి ఇంకో వాక్యం ఇవ్వండి.

ఆ రాత్రి

మైకుకు నోటికి మధ్య బెత్తెడు దూరం ఉంచండి. గుసగుస పల్లవి దగ్గర మైకు వైపు వంగాలి గానీ గొంతు మరీ తగ్గించకూడదు, ఫ్యాను చప్పుడు మింగేస్తుంది. మలుపు మెట్ల మీద ఉన్నప్పుడు కింద హారన్ మోగితే ఆగండి, అది పోయాక ముందు మెట్టు నుంచి మళ్ళీ ఎత్తుకోండి: "చెరువులో గుంతలు. గుంతల నడుమ…" ముక్తపదగ్రస్తంగా కట్టినందుకు ఎక్కడ తెగినా అతుకు కనబడదు.

"బస్సు ఆగలేదు" తర్వాత జనం ఎవరూ పలకకపోతే ఏం చేయాలన్నది ముందే నిర్ణయించుకుని ఉండాలి. మనసులో నెమ్మదిగా నాలుగు లెక్కబెట్టండి. అప్పటికీ నిశ్శబ్దమే అయితే మీరే మెల్లగా "ఆపన్నా…" అనండి. ఆ సగం విన్నాక రెండో సగం రాకుండా ఉండటం చాలా అరుదు. అదీ రాకపోతే పిల్లోడి గొంతుతో మీరే పూర్తి చేయండి, కథకు ఏమీ లోటు రాదు, ఆ మాట బస్సులో ఎవరో ఒకరు అనాల్సిందే. ఎవరైనా పొరపాటున "బస్సు ఆగలేదు" కంటే ముందే, చింతచెట్టు దగ్గరే పల్లవి అందుకుంటే, టిక్కెట్ల వాక్యం వదిలేసి నేరుగా "బస్సు ఆగింది" అనేయండి.

ఆ రెండు మాటల తర్వాత వెంటనే నమస్కారం పెట్టొద్దు, పేరు చెప్పుకోవద్దు, కాగితాలు సర్దుకోవద్దు. మైకు నుంచి ఒక అడుగు వెనక్కి వేసి, చెరువు ఉన్న దిక్కుగా మీరు అనుకున్న వైపు చూస్తూ నిలబడండి. చప్పట్లు మొదలయ్యాక కదలండి.